రిబ్బన్ కత్తిరించాక తాళంచెవి ఎవరి దగ్గర?

మా ఊరి గ్రంథాలయం ప్రారంభం రోజున నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పావు గంట పట్టింది. రిటైరైన మాస్టారికి మైకిస్తే ఇంతే అని ముందు వరసలో ఎవరో అన్నారు కూడా. ఆ రోజు చెప్పింది రాసిమ్మని తర్వాత రెండు మూడు ఊళ్లవాళ్లు అడిగారు. అందుకని చెప్పింది చెప్పినట్టుగా, చెప్పడానికి ముందు చూసి తెలుసుకున్నది కూడా కలిపి ఇక్కడ పెడుతున్నాను.

ప్రసంగానికి తయారవడమంటే నాలుగు సూక్తులు వెతుక్కోవడం అనుకుంటాం. నేను ఆ పని చెయ్యలేదు. దగ్గర్లోనే మూతబడిన ఒక గ్రంథాలయం ఉంది. దాని పుస్తకాలిచ్చే రిజిస్టరు సంపాదించి రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. ఊరి పేరు అనవసరం. చచ్చిపోయిన గ్రంథాలయం ఎలా చచ్చిపోయిందో దాని రిజిస్టరులోనే రాసి ఉంటుంది, చదివేవాళ్లే ఉండరు.

అందులో మొదటి నెల 96 పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయి. రెండో నెల 88. ఐదో నెలకి 31. తొమ్మిదో నెలలో ఆరు. ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. ఇది చూసి ఎవరైనా "జనానికి చదివే అలవాటు పోయింది మాస్టారూ, సెల్‌ఫోన్లొచ్చాయి కదా" అనేస్తారు. కానీ తేదీల గడి చూస్తే కథ వేరేగా ఉంది. మూడో నెలలో ఒకసారి వరసగా ఆరు రోజులు ఒక్క నమోదూ లేదు. నాలుగో నెలలో పదకొండు రోజులు లేదు. అన్ని పేజీల్లోనూ ఒక్కరి చేతిరాతే. ఆ ఒక్కాయన ఊరెళ్లినప్పుడల్లా తలుపు మూసే ఉందన్నమాట. ఆ ఖాళీల తర్వాతే పాఠకులు తగ్గారు, ముందు కాదు. ముందు తలుపు మూతపడింది, తర్వాత జనం రావడం మానేశారు. రెండుసార్లు వచ్చి తాళం చూసి వెళ్లినవాళ్ల పేరు ఆ తర్వాతి పేజీల్లో కనబడదు.

ఇంకోటి. ఆ గ్రంథాలయంలో 640 పుస్తకాలుంటే, 71 పుస్తకాల ఎదురుగా తిరిగొచ్చిన తేదీ లేదు. పుస్తకాలు జనం ఎగ్గొట్టారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. లెక్క చూస్తే అందులో యాభైకి పైగా చివరి మూడు నెలల్లో తీసుకెళ్లినవే. ఎగ్గొట్టలేదు, తీసుకొస్తే పుచ్చుకునేవాళ్లు లేక ఇంట్లోనే ఉండిపోయాయి.

ఇవే అంకెలు ప్రారంభోత్సవం నాడు మైకులో చదివాను. శుభమా అని పిలిస్తే ఇదేం మాట అని కొందరి మొహాలు చిన్నబోయాయి. అక్కణ్ణుంచి నేను మాట్లాడింది ఇదీ.

"అమ్మా, అయ్యా, పిల్లలూ. ఈ గది 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. ఆరు ఇనప బీరువా రాకులు, రెండు బల్లలు, పద్దెనిమిది కుర్చీలు. 740 పుస్తకాలు. ఇవన్నీ సమకూరడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల కష్టం గురించి మిగతా పెద్దలు చెప్పారు కాబట్టి నేను చెప్పను. రేపు సాయంత్రం ఐదున్నరకి ఈ తలుపు ఎవరు తీస్తారన్నదే నేను మాట్లాడే సంగతి.

"సోమవారం సెలవు. మిగతా ఆరు రోజులూ సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉండాలి. పొద్దున్నే పేపరు కోసం తెరవాలని కొందరన్నారు. పొద్దున ఎవరి పనులు వాళ్లకుంటాయి, తెరిచేవాళ్లు దొరకరు. రెండు పూటలా తెరుస్తామని చెప్పి ఒక పూటా సరిగ్గా తెరవకపోవడం కంటే రెండున్నర గంటలు గడియారం పెట్టినట్టు తెరవడం మేలు. వారానికి ఆరు సాయంత్రాలు, రెండు వారాలకి పన్నెండు. నాకు పన్నెండు మంది కావాలి. ఒక్కొక్కరికి పద్నాలుగు రోజులకి ఒక్క సాయంత్రం వస్తుంది. రోజూ వస్తానని ముందుకొచ్చేవాళ్లు నాకొద్దు. దయచేసి తప్పుగా అనుకోకండి. రోజూ వచ్చే ఒక్క మనిషి మీద నిలబడ్డ గ్రంథాలయం ఆ మనిషి జ్వరంతో పడుకున్న రోజున పడుకుంటుంది.

"తాళంచెవులు మూడు. ఒకటి ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో మేకుకి వేలాడుతుంది. వంతు ఉన్నవాళ్లు అక్కడే తీసుకుని అక్కడే పెట్టాలి, ఇంటికి తీసుకెళ్లకూడదు. చెవి ఇంటికి వెళ్లిందంటే మర్నాటి మనిషి వాళ్ల గుమ్మం ముందు నిలబడాలి. రెండోది పంచాయతీ ఆఫీసులో, మూడోది నా దగ్గర. వంతు రోజున రాలేనివాళ్లు తమ బదులు ఎవరొస్తారో వాళ్లే చూసుకుని గోడ మీద పట్టికలో పేరు కొట్టేసి కొత్త పేరు రాయాలి. నాకు ఫోన్ చెయ్యొద్దు. నాకు ఫోన్ చేస్తే నేనే వచ్చి తెరుస్తాను, నాలుగు నెలలకి మళ్లీ ఒక్కరి చేతిరాతే మిగులుతుంది."

ఇక్కడ ఒకాయన లేచి అడిగారు. "మాస్టారూ, ఇంటిపన్నులో లైబ్రరీ సెస్సు కడుతున్నాం కదా. గవర్నమెంటు మనిషిని పెట్టాలి గానీ మనకెందుకీ వంతులు?"

సరైన ప్రశ్నే, కాబట్టి కాస్త వివరంగా చెప్పాను. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద స్థానిక సంస్థలు ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తాయి. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి. సంస్థ దాంతో జిల్లా అంతటా తన శాఖా గ్రంథాలయాలు నడుపుతుంది. మనది దాని శాఖ కాదు. మనం ఏడుగురం కలిసి 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద పెట్టుకున్న సంఘం. ఏడుగురికి తగ్గితే రిజిస్ట్రేషనే కాదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి పంపకపోతే సంఘం కాగితాల మీద నిద్రపోతుంది. తర్వాత గ్రాంటు కోసం వెళ్తే మొదట అడిగేది ఆ జాబితాలే. జిల్లా సంస్థని పుస్తక నిక్షిప్త కేంద్రం అడగొచ్చు, అడుగుదాం. వాళ్లు పుస్తకాలు ఇవ్వగలరు. మన తలుపు మాత్రం మనమే తియ్యాలి.

ఆయన కూర్చున్నారు. తృప్తిగా కూర్చున్నారని చెప్పలేను.

తర్వాత బల్ల మీదున్న చెక్క పెట్టె ఎత్తి చూపించాను. ప్రసంగంలో ఎక్కువసేపు దీని మీదే గడిచింది. చెప్పుల డబ్బా అంత ఉంటుంది. వడ్రంగి చేసిచ్చాడు.

"పుస్తకాలిచ్చే రిజిస్టరు మన దగ్గర ఉండదు. దాని బదులు ఈ పెట్టె. రిజిస్టరులో పుస్తకం ఇచ్చినప్పుడు ఒక వరస రాస్తాం. అది తిరిగొచ్చినప్పుడు ఆ వరస ఎక్కడుందో వెతకాలి. నలుగురు ఒకేసారి వస్తే వెతికే ఓపిక ఉండదు, తర్వాత రాద్దాంలే అని పక్కన పెడతాం. గడువు దాటినవి ఎవరి దగ్గరున్నాయో తెలియాలంటే మొదటి పేజీ నుంచి తిరగెయ్యాలి. ఆ పని ఎవ్వరూ చెయ్యరు. మూతబడిన ఊళ్లోనూ చెయ్యలేదు.

"ఇక్కడ ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల చిన్న కాగితం జేబు అంటించాం. అందులో ఐదంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు ఉన్న కార్డు ఉంటుంది. దాని మీద పుస్తకం నంబరు, పేరు. జేబు ఎదురు పేజీలో గడువు తేదీ ముద్ర వేసే చీటీ. అంతే సామాను."

ముందు వరసలో కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయిని పిలిచి చేసి చూపించాం. ఆ పిల్ల సభ్యత్వం నంబరు 37. తీసుకున్న పుస్తకం నంబరు 412. ఆ రోజు మంగళవారం. జేబులోంచి కార్డు తీసి దాని మీద 37 అని రాసి, రెండు వారాల తర్వాతి మంగళవారం తేదీ వేశాం. అదే తేదీ పుస్తకంలోని చీటీ మీద ముద్ర కొట్టాం. పుస్తకం ఆ పిల్ల చేతికి, కార్డు పెట్టెలోకి. పెట్టెలో తేదీల అట్టముక్కలు నిలబెట్టి ఉంటాయి. రెండు వారాల తర్వాతి మంగళవారం అట్ట వెనక 412 కార్డు నిలబడింది. మొత్తం ఒకటిన్నర నిమిషం.

తిరిగొచ్చినప్పుడు పుస్తకం తెరిచి చీటీ మీద చివరి తేదీ చూస్తే చాలు, పెట్టెలో ఏ అట్ట వెనక వెతకాలో తెలుస్తుంది. 412 కార్డు తీసి, 37 మీద గీత కొట్టి, జేబులో పెట్టి, పుస్తకం రాకులో పెట్టెయ్యడమే. కార్డు జేబులోకి చేరకుండా పుస్తకం రాకులోకి వెళ్లకూడదు. తప్పు జరిగేది ఇక్కడే. నలుగురు ఒకేసారి పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు, పిల్లలు సాయం చేద్దామని వాటిని రాకుల్లో సర్దేస్తారు. కార్డు పెట్టెలోనే ఉండిపోతుంది. మూడు వారాలకి మనం వెళ్లి "అమ్మా, పుస్తకం తేలేదు" అంటాం. తెచ్చిచ్చిన మనిషికి అంతకంటే అవమానం ఉండదు, ఆ ఇంటినుంచి ఇక ఎవరూ రారు. అందుకని గడువు దాటిందని ఎవరినైనా అడగడానికి ముందు, ఆ పుస్తకం రాకులో ఉందేమో చూడటం నియమం. కొన్ని అక్కడే దొరుకుతాయి.

పద్నాలుగు రోజుల గడువు ఎందుకు పెట్టామో కూడా చెప్పాను. వంతు కూడా పద్నాలుగు రోజులకే తిరిగొస్తుంది. ఈ మంగళవారం పుస్తకాలిచ్చిన మనిషే, వాటి గడువు తీరే మంగళవారం కూడా బల్ల దగ్గర కూర్చుంటాడు. ఎవరికి ఏమిచ్చాడో ముఖాలతో సహా గుర్తుంటుంది. "పుస్తకం ఎలా ఉంది?" అని అడగగలిగేది అతనొక్కడే. ఇది ముందే ఆలోచించి పెట్టింది కాదు, పట్టిక గీస్తుంటే కలిసొచ్చింది.

పెట్టెలో తేదీ దాటిన అట్ట వెనక ఇంకా కార్డులు నిలబడి ఉంటే అవే బాకీలు. వెతకక్కర్లేదు, పెట్టె తెరవగానే మొదట కనబడేవి అవే. మొదటి వారం ఊరుకోవాలి. రెండో వారం దారిలో కనబడినప్పుడు ఒక మాట అనాలి. మూడో వారం ఇంటికి వెళ్లాలి, చేతిలో ఇంకో పుస్తకం పట్టుకుని వెళ్లాలి. వసూలుకి వచ్చినట్టు కాకుండా ఇచ్చిపుచ్చుకోడానికి వచ్చినట్టు ఉంటుంది. ఇంట్లోంచి కదల్లేని పెద్దవాళ్లకి ఎలాగూ పుస్తకం ఇంటికే తీసుకెళ్లాలి కాబట్టి ఆ రెండు పనులూ ఒకే నడకలో అయిపోతాయి. ఇది కొత్త సంగతేం కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పించారు. గ్రంథాలయమే పాఠకుడి దగ్గరికి వెళ్లిన తావు మన కృష్ణా కాలువే.

జరిమానా సంగతి మీద కమిటీలోనే పేచీ వచ్చింది. రోజుకి రూపాయి పెడదామన్నారు కొందరు. నేను వద్దన్నాను, సభలోనూ కారణం చెప్పాను. నలభై రోజులు ఆలస్యమైతే నలభై రూపాయలు. పుస్తకం తెచ్చిస్తే నలభై కట్టాలి, తేకపోతే ఏమీ కట్టక్కర్లేదు. అంటే పుస్తకం తెచ్చినవాడికే శిక్ష. పిల్లల విషయంలో ఇంకా ఘోరం, అయిదు రూపాయలు అమ్మని అడగలేక ఆ పిల్లవాడు పుస్తకం మంచం కింద దాస్తాడు. మేం జరిమానా పెట్టలేదు. పోగొడితే అదే పుస్తకం గానీ దాని వెల గానీ ఇవ్వాలి. చింపితే మాత్రం ఇంట్లో అతికించకుండా చింపినట్టే తేవాలి. సెలోటేపు వేస్తే రెండేళ్లకి పసుపెక్కి, జిగురు కారి, పక్క పేజీని కూడా పట్టుకుంటుంది. ఇక్కడ పల్చటి కాగితం, మైదా జిగురుతో అతికిస్తాం. పురుగు పట్టకుండా ఆ జిగురులో బైండింగువాళ్లు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, కాబట్టి ఆ గిన్నె పిల్లలకి అందకూడదు.

నెలాఖరున పెట్టెలో కార్డులు లెక్కపెట్టి గోడ మీద నల్లబల్ల మీద రాయమన్నాను. ఇళ్లలో ఉన్న పుస్తకాలు ఇన్ని అని. రాకులో ఉన్నవి కాదు. రాకులు ఖాళీగా కనబడితే మనవాళ్లు దిగులు పడతారు, నిండుగా ఉంటే మురిసిపోతారు. ఇది తలకిందుల లెక్క. పుస్తకాలు వాడటానికే అన్నది రంగనాథన్ గారి మొదటి సూత్రం. ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియను కాకముందు లెక్కల మాస్టారు కాబట్టి మా వర్గం మనిషే. మా 740లో నెలాఖరుకి వంద దాకా ఇళ్లలో ఉంటే గ్రంథాలయం బతికి ఉన్నట్టు. నలభైకి పడితే ఏదో చెడింది. నలభైకి పడినప్పుడు మొదట చూడాల్సింది పుస్తకాలని కాదు, వంతుల పట్టికలో కొట్టివేతల్ని.

ఇక దాతల సంగతి. ఇది అన్నిటికంటే కష్టమైన భాగం, ఎందుకంటే దాతలంతా ముందు వరసలోనే శాలువాలతో కూర్చున్నారు. మాకు విరాళంగా వచ్చినవి 1,960 పుస్తకాలు. ఉంచుకున్నవి 740. మిగిలినవి ఏమయ్యాయని ఎవరో ఒకరు అడగకముందే చెప్పడం మంచిదనిపించింది.

"మీరిచ్చిన వాటిలో నాలుగు వందలకి పైగా పాత సిలబస్ పాఠ్యపుస్తకాలు. పోటీ పరీక్షల గైడ్లు రెండు వందలు, అందులో సగం ఇప్పుడు లేని పరీక్షలవి. వారపత్రికల పాత సంచికలు కట్టలు కట్టలు. ఇవన్నీ రాకుల్లో పెడితే గది నిండేది. చదవదగ్గ పుస్తకం వాటి మధ్యలో కనబడకుండా పోయేది. చదవడానికొచ్చిన పిల్లవాడు మూడు పాత గైడ్లు తీసి చూసి నాలుగోది తియ్యడు. అందుకని వాటిని పాత కాగితాలకి అమ్మి, ఆ డబ్బుతో ఈ పెట్టె, కార్డులు, రబ్బరు ముద్రలు చేయించాం. ఇకమీదట పుస్తకం ఇచ్చేవాళ్లకి ఒక చీటీ ఇస్తాం. ఉంచాలా వద్దా అన్నది కమిటీ ఇష్టం అని అందులో ఉంటుంది. దానికి ఒప్పుకుంటేనే ఇవ్వండి."

శాలువాల వరసలో ఒకరిద్దరు కుర్చీల్లో కదిలారు. ఒకావిడ మాత్రం "మా ఆయన పుస్తకాలు పనికొచ్చాయా మాస్టారూ?" అని అడిగింది. వాళ్లింటి నుంచి వచ్చిన 60లో 52 ఉంచుకున్నాం, అన్నీ నవలలు, కథలు. ఆ మాట చెప్పాను.

ఉంచుకున్నవి కూడా శాశ్వతం కాదు. గడువు చీటీ మీద రెండేళ్లుగా ఒక్క ముద్రా లేని పుస్తకాన్ని తలుపు పక్కన విడి అరలో ఆరు నెలలు పెడతాం. అప్పటికీ ఎవరూ ముట్టకపోతే తీసేస్తాం. ఊరి చరిత్రకి సంబంధించినవి, నిఘంటువులు ఈ లెక్కలోకి రావు. పాతవన్నీ పారెయ్యాలని కాదు. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనానికి ఇవాళ్టికీ పరిశోధకులు వెళ్లేది అక్కడి పాత పత్రికల కోసమే. కానీ పాతవి దాచడం ఒక పని, దానికి వేరే చోటు, వేరే మనుషులు కావాలి. ఈ 20 అడుగుల గది ఆ పని చెయ్యలేదు.

విరాళం పుస్తకాలు తిన్నగా రాకుల్లోకి ఎందుకు వెళ్లకూడదో దానికి ఇంకో కారణం ఉంది. మాది కాలువ పక్క ఊరు, వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి. చెమ్మలో వెండిచేప పురుగు పెరుగుతుంది. దానికి కాగితం కంటే జిగురంటే ఇష్టం. అట్ట మీది పొర గీకినట్టు ఉండి, వీపు దగ్గర అడ్డదిడ్డంగా తిన్న గుర్తులుంటే అదే. వచ్చిన పుస్తకాన్ని ముందు తెల్లకాగితం మీద దులపాలి. మిరియాల పొడి లాంటి నలకలు రాలితే వేరుగా పెట్టాలి. మేం అలాంటివి పాలిథీన్ సంచుల్లో గాలి పోకుండా కట్టి, ఐస్‌క్రీం కొట్టు డీప్‌ఫ్రీజర్‌లో వారం రోజులు పెట్టించాం. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే చల్లటి కాగితానికి గాలిలో చెమ్మ పట్టి బూజు వస్తుంది. మొదటి కట్ట తొందరపడి విప్పి పాడు చేసుకున్నాం. ఎండలో పెడితే చాలదా అంటే, పురుగు సందుల్లోకి దూరుతుంది, కాగితం మాత్రం పెళుసెక్కుతుంది.

చెదలకి మందు కంటే కన్ను ముఖ్యం. రాకుల్ని గోడకి నాలుగంగుళాల దూరంలో, కింది అరని నేలకి ఆరంగుళాల ఎత్తున పెట్టాం. గోడ మీద మట్టిగీత పాకడం మొదలైతే ఆ సందులోంచి కనబడాలని. ఊడ్చేటప్పుడు రాకు వెనక చూడటం కూడా వంతులో భాగమే.

చివరగా డబ్బు. నెలకి మాకయ్యే ఖర్చు మూడు వేలు. రెండు పేపర్లకి 520, కరెంటుకి 350, ఊడ్చే ఆవిడకి 800, ఫినాయిలు, జిగురు, కార్డుల్లాంటి వాటికి 130. మిగతా 1,200 కొత్త పుస్తకాలకి. ఊళ్లో 210 ఇళ్లున్నాయి. 75 ఇళ్లు నెలకి 40 రూపాయలిస్తే సరిపోతుంది.

"కానీ నెలనెలా ఇంటింటికీ తిరిగి నలభై అడగడం నాలుగో నెలకి ఆగిపోతుంది. తిరిగేవాళ్లకి విసుగు, ఇచ్చేవాళ్లకి విసుగు. సంక్రాంతికి ముందు ధాన్యం డబ్బు చేతికొచ్చినప్పుడు ఏడాదికి 480 ఒకేసారి ఇచ్చెయ్యండి. ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా ఉంది. ప్రతి నెలా అయిదో తేదీన జమాఖర్చు గోడ మీద ఉంటుంది. అది చూసేటప్పుడు ఒక్క గడి మీద కన్నేసి ఉంచండి, కొత్త పుస్తకాల 1,200. డబ్బు తగ్గితే మొదట కోత పడేది దానికే. పేపరువాడు బిల్లు అడుగుతాడు, కరెంటువాళ్లు ఫ్యూజు పీకేస్తారు, ఊడ్చే ఆవిడ జీతం అడుగుతుంది. పుస్తకాల పద్దు నోరెత్తదు. ఆ గడిలో వరసగా రెండు నెలలు సున్నా కనబడితే కమిటీని నిలబెట్టి అడగండి, నాతో సహా."

ఆ 1,200ని నెలనెలా ఖర్చు పెట్టక్కర్లేదని ఒక చిన్న మాట చేర్చాను. సగం దాచి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తే పది శాతం తగ్గింపు వస్తుంది, పుస్తకం చేత్తో తిప్పి చూసి కొనొచ్చు. మిగతా సగంతో నెలకి మూడో నాలుగో కొనాలి. ఎందుకంటే తలుపు దగ్గర బల్ల మీద "ఈ నెల వచ్చినవి" అనే వరసలో ఏదో ఒకటి మారుతూ ఉండాలి. ఏ పుస్తకాలు కొనాలో కమిటీ కూర్చుని తేల్చదు. బల్ల మీద కావలసిన పుస్తకాలు రాసే నోటుబుక్కు ఒకటి ఉంది. ఎవరికి ఏం కావాలో అందులో రాస్తారు, నెలలో ఇద్దరు అడిగినదాన్ని ముందు కొంటాం. మొదటి రోజునే పిల్లలు బొమ్మల పుస్తకాలు రాశారు, ఒకాయన కౌలు చట్టం మీద తెలుగులో ఏదైనా ఉంటే తెమ్మన్నాడు, ఇద్దరాడవాళ్లు కుట్టుపని కటింగు పుస్తకం అడిగారు. మేం మా అంతట మేం కొంటే ఈ మూడింటిలో ఒక్కటీ కొనేవాళ్లం కాదు.

మాట్లాడటం ఆపి, పన్నెండు గళ్లు గీసిన అట్టని మైకు ముందు నిలబెట్టాను. పేర్లు రాసేదాకా టిఫిన్లు పెట్టొద్దని వంటవాళ్లకి ముందే చెప్పి ఉంచాం. కొంచెం మోటు పద్ధతే, పనిచేసింది. మొదటి అయిదు నిమిషాల్లో మూడు పేర్లు పడ్డాయి, అన్నీ మగవాళ్లవే. ఆడవాళ్లు సాయంత్రం వంట వేళకి ఎలా వస్తామన్నారు. ఇద్దరు కలిసి ఒక వంతు పంచుకోవచ్చు, ఒకరు ఐదున్నర నుంచి పావు తక్కువ ఏడు దాకా, ఇంకొకరు అక్కణ్ణుంచి ఎనిమిది దాకా అని అంటే మూడు గళ్లలో జంట పేర్లు పడ్డాయి. కాలేజీ కుర్రాళ్లు శని, ఆదివారాలు తీసుకున్నారు. సెస్సు గురించి అడిగిన ఆయన చివర్లో వచ్చి, ఏమీ మాట్లాడకుండా మొదటి వారం శుక్రవారం గడిలో పేరు రాసి వెళ్లారు.

మొత్తం పదకొండు గళ్లు నిండాయి. రెండో వారం గురువారం ఖాళీగా ఉంది. నా పేరు రాయమని కమిటీవాళ్లు అన్నారు. రాయలేదు. ఆ గడిని అలాగే ఖాళీగా గోడకి తగిలించాం.